చిన్న దుకాణానికి దొంగతనం బీమా: గల్లాలో డబ్బు, ఇనప్పెట్టెలో డబ్బు, బ్యాంకు దారిలో డబ్బు – తరచుగా అడిగే ప్రశ్నలు

లోను ఇచ్చినప్పుడు బ్యాంకు వాళ్లే షాపుకి ఇన్సూరెన్స్ చేయించారు. దొంగతనం అందులో వస్తుందా?

చాలాసార్లు రాదు. బ్యాంకు తన అప్పుకి భద్రత కోసం చేయించేది ఎక్కువగా అగ్నిప్రమాద బీమా. 2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాలకు ఇస్తున్న ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ కూడా ఆ కోవలోదే. నిప్పు, వరద, తుపాను లాంటివి అందులో ఉంటాయి. దొంగతనం మాత్రం ఒక్క సందర్భంలోనే వస్తుంది. అలాంటి ప్రమాదం జరిగి, దాని వల్లే 7 రోజుల్లోపు సరుకు దొంగల పాలైతే ఇస్తారు. మామూలు రోజున రాత్రి షట్టర్ పగలగొడితే ఆ పాలసీ పలకదు.

పాలసీ కాగితాల్లో ‘షెడ్యూల్’ అనే పేజీ తీయండి. అందులో ‘బర్గ్లరీ’ అని ఒక సెక్షన్, ‘మనీ’ అని ఇంకో సెక్షన్ ఉన్నాయా, వాటి ఎదురుగా మొత్తం రాసి ఉందా చూడండి. ఈ రెండూ వేర్వేరు. బర్గ్లరీ సెక్షన్ సరుకుకీ ఫర్నిచర్‌కీ వర్తిస్తుంది, నగదుకి కాదు. నగదు కావాలంటే మనీ సెక్షన్ ఉండాల్సిందే. షాప్‌కీపర్స్ ప్యాకేజీ పాలసీ తీసుకున్నవాళ్లు కూడా అందులో మనీ సెక్షన్ ఎంచుకున్నారో లేదో ఒకసారి చూసుకోవాలి. ప్రీమియం తగ్గించడానికి ముందుగా వదిలేసేది దాన్నే.

సరుకు పోతే చాలదా? ‘బలవంతంగా చొరబడటం’ అంటూ ఎందుకు అడుగుతారు?

పాలసీలో బర్గ్లరీ అంటే పగలగొట్టి లోపలికి వచ్చి, లేదా పగలగొట్టుకుని బయటికి పోయి చేసిన దొంగతనం. కత్తి చూపించి బెదిరించి దోచుకోవడం కూడా అందులోకే వస్తుంది. బలప్రయోగం ఆనవాలు లేని దొంగతనం బయటే ఉంటుంది. 2004లో యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. పాలసీలో బలప్రయోగం అని రాసి ఉంటే అది జరిగి తీరాలి, మామూలు భాషలో దొంగతనం అంటే ఏమిటన్నది అక్కడ పనికిరాదు అంది. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్లు ఈ తీర్పును ఇప్పటికీ వాడుతున్నారు.

అందుకే వంగిన షట్టర్ అడుగు పట్టీ, కోసిన తాళం, ఊడదీసిన వెంటిలేటర్ చువ్వ, తొలగించిన రేకు, గోడకి కన్నం లాంటివే మీ క్లెయిమ్‌కి ప్రాణం. కోసిన తాళాన్ని చెత్తలో వేయకండి. పోలీసులు తీసుకెళ్తే తీసుకెళ్లినట్టు పంచనామాలో రాయించండి. సాయంత్రం రద్దీలో లోపల నక్కి, మీరు షట్టర్ వేశాక లోపలి నుంచి పగలగొట్టుకుని పోయినా చాలా పాలసీల్లో వస్తుంది. అయితే పగిలింది లోపలి నుంచే అని కనబడాలి.

మారుతాళంతో తీసి, పని చూసుకుని, మళ్లీ తాళం వేసి పోతే మాత్రం కష్టం. అద్దె షాపుల్లో ఇది తరచుగా జరుగుతుంది. పాత అద్దెదారు దగ్గరో, మానేసిన గుమాస్తా దగ్గరో ఒక తాళంచెవి ఉండిపోతుంది. షాపులో దిగిన రోజునే సైడు తాళాలూ సెంటర్ లాకూ మార్చేయడం మేలు. పగటిపూట కస్టమర్ చీర సంచిలో వేసుకుపోవడం, లెక్కల్లో సరుకు తగ్గడం, షాపులో పనిచేసేవాళ్లు చేతివాటం చూపడం కూడా ఈ సెక్షన్‌లోకి రావు. పనివాళ్ల విషయానికి ‘ఫిడెలిటీ’ అనే సెక్షన్ వేరే ఉంది.

మనీ సెక్షన్‌లో మూడు అంకెలు కనబడుతున్నాయి. ఏది దేనికి?

ఒకే డబ్బు రోజులో మూడు చోట్ల ఉంటుంది కాబట్టి మూడు పరిమితులు. షాపు తెరిచి ఉన్నంతసేపూ గల్లాలో ఉండే డబ్బుకి ఒకటి. షాపు మూశాక ఇనప్పెట్టెలో ఉండే డబ్బుకి ఇంకొకటి. షాపు నుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి షాపుకి వెళ్లే దారిలో ఉండే డబ్బుకి మూడోది. దారిలోని డబ్బుకి మళ్లీ రెండు అంకెలు రాస్తారు. ఒకసారి మోసుకెళ్లే మొత్తానికి పరిమితి ఒకటి, ఏడాది పొడవునా మోసే మొత్తం అంచనా ఒకటి.

ఒక చోటి పరిమితి ఇంకో చోటికి పనికిరాదు. రాత్రి షట్టర్ వేశాక గల్లాలో 10,000 ఉండిపోతే, ఇనప్పెట్టెకి 3 లక్షల పరిమితి ఉన్నా ఆ 10,000 రాదు. షాపు మూశాక ఇనప్పెట్టె బయట ఉన్న డబ్బుకి కవర్ లేదని పాలసీలో స్పష్టంగా ఉంటుంది. చిల్లరే కదా అని వదిలేయడం అలవాటు. రాత్రి గల్లా ఖాళీ చేసి, సొరుగు తెరిచే ఉంచండి. లోపలికొచ్చిన దొంగ దాన్ని పగలగొట్టే పని కూడా తప్పుతుంది.

మా దగ్గర గోద్రెజ్ మాదిరి బీరువా ఉంది, లాకర్ కూడా ఉంది. అది సేఫ్ కాదా?

కాదనే అనుకోండి. పాలసీలో ‘సేఫ్’ అంటే దొంగ సులభంగా కోయలేని, మోసుకుపోలేని ఇనప్పెట్టె. రేకు బీరువాని ఒక చిన్న గడ్డపారతో రెండు నిమిషాల్లో తెరుస్తారు. లోపలి లాకర్ కూడా అదే రేకు. క్లెయిమ్ సమయంలో సర్వేయర్ ఫోటో తీసి ‘స్టీల్ అల్మరా’ అని రాస్తే మనీ సెక్షన్ అక్కడితో ఆగిపోతుంది.

కొనేటప్పుడు రెండు సంగతులు అడగండి. మొదటిది, అది దొంగని తట్టుకునే పెట్టేనా, లేక నిప్పుని తట్టుకునేది మాత్రమేనా. రెండూ ఒకటి కావు, ‘ఫైర్’ అని రాసిన పెట్టె కోతకి నిలబడకపోవచ్చు. దొంగని తట్టుకునే వాటికి ఐఎస్ 550 అనే భారతీయ ప్రమాణం ఉంది. రెండోది, నేలకి బోల్టులతో బిగించే రంధ్రాలు అడుగున ఉన్నాయా. బిగించని 60 కిలోల పెట్టెని ఇద్దరు మనుషులు ఎత్తుకుని ఆటోలో వేసుకుపోతారు. బిగించాక ఫోటో తీసి, బిల్లుతో కలిపి పాలసీ తీసుకునేటప్పుడే ఏజెంటుకి పంపండి. ‘ఇది సేఫ్ కాదు’ అని తర్వాత వాదించడం కంపెనీకి కష్టమవుతుంది.

తాళంచెవి సంగతి ఇంకా ముఖ్యం. ఇనప్పెట్టెని తాళంచెవితో తెరిచి దోచుకుంటే డబ్బు రాదు. మిమ్మల్ని కొట్టి, బెదిరించి ఆ తాళంచెవి లాక్కుంటే మాత్రం వస్తుంది. కౌంటర్ కింద మేకుకి తగిలించిన చెవి, దేవుడి పటం వెనక దాచిన చెవి దొంగకి రెండు నిమిషాల్లో దొరుకుతాయి. రెండు చెవులూ రాత్రి షాపులో ఉండకూడదు.

ఇనప్పెట్టెకీ, దారికీ ఎంత పరిమితి పెట్టుకోవాలి?

సగటు రోజు చూసి పెట్టుకోవడమే పెద్ద తప్పు. దొంగ సగటు రోజున రాడు, డబ్బు నిండుగా ఉన్న రోజున వస్తాడు.

తెనాలి లాంటి ఊళ్లో ఒక బట్టల షాపు అనుకుందాం. మామూలు రోజున నగదు కలెక్షన్ 45,000. సంక్రాంతి ముందు వారాల్లో అదే 90,000 అవుతుంది. బ్యాంకులు రెండో, నాలుగో శనివారాలు తెరవవు, ఆదివారం సరేసరి. సోమవారం కూడా సెలవు పడితే శుక్రవారం సాయంత్రం నుంచి మంగళవారం పొద్దున దాకా డబ్బు కదలదు. లెక్క వేయండి: శుక్రవారం బ్యాంకు మూశాక వచ్చింది 30,000, తర్వాత మూడు రోజులు 90,000 చొప్పున 2,70,000. మొత్తం 3 లక్షలు. ఇనప్పెట్టె పరిమితి 3 లక్షలు ఉండాలి. ‘రోజుకి 45,000 కదా, 50,000 చాలు’ అని రాయించుకుంటే సోమవారం రాత్రి దొంగ పడ్డప్పుడు 2,50,000 మీ చేతి నుంచి పోతుంది.

ఆ 3 లక్షలూ మంగళవారం ఒకేసారి బ్యాంకుకి వెళ్తాయి. అందుకే దారి పరిమితి కూడా 3 లక్షలే పెట్టాలి. ఇనప్పెట్టెకి 3 లక్షలు, దారికి 1 లక్ష పెట్టుకోవడం అందరూ చేసే పొరపాటు. పరిమితి పెంచడం ఇష్టం లేకపోతే లక్ష చొప్పున మూడుసార్లు వెళ్లాలి. పండగ రద్దీలో అది ఎవరి వల్లా కాదు.

ఏడాది మోసే మొత్తం అంచనాకి కొత్తగా ఆలోచించక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంటులో గత 12 నెలల ‘క్యాష్ డిపాజిట్’ వరసలన్నీ కూడండి, అదే మీ అంకె. ఫోన్‌పే, గూగుల్‌పేలలో వచ్చింది కలపకండి, అది దారిలో ఎవరూ మోయరు. ఏడాది చివర అసలు మొత్తం ఎంతో చెప్పమంటారు. దాన్నిబట్టి ప్రీమియం సర్దుబాటు చేస్తారు. యూపీఐ పెరిగి నగదు తగ్గుతున్న షాపుల్లో ఈ అంకె ఏటేటా మార్చుకోవాలి, లేదంటే లేని డబ్బుకి ప్రీమియం కడుతున్నట్టే.

డబ్బు బ్యాంకుకి ఎవరు తీసుకెళ్లినా పర్వాలేదా? మధ్యలో ఆగితే?

యజమాని గానీ, జీతం మీద ఉన్న, అధికారం ఇచ్చిన ఉద్యోగి గానీ తీసుకెళ్లాలి. బామ్మర్ది ఊరికే సాయంగా వెళ్లాడంటే కంపెనీ అడ్డుపడుతుంది. అతన్ని నిజంగానే పనిలో పెట్టుకుని ఉంటే జీతం రిజిస్టరులో పేరు ఉండాలి. నమ్మకస్తుడైన గుమాస్తానే డబ్బు పట్టుకుని మాయమైతే చాలా పాలసీల్లో వస్తుంది గానీ, ఆ సంగతి 48 గంటల్లోపు కనిపెట్టాలి అనే షరతు ఉంటుంది. మీ పాలసీలో గంటలు ఎన్నో చూసుకోండి. ప్రతి డిపాజిట్ తర్వాత అదే రోజు స్లిప్పు తెప్పించుకుని చూస్తే ఈ షరతు ఎప్పుడూ ఇబ్బంది పెట్టదు.

దారి అంటే తిన్నగా వెళ్లే దారి. డబ్బు సంచి స్కూటీ డిక్కీలో పెట్టి, టీ తాగడానికి బండి పక్కన ఆపి లోపలికి వెళ్తే, తిరిగొచ్చేసరికి డిక్కీ పగిలి ఉంటే, ఆ నష్టం మీదే. మనిషి లేని బండిలోంచి పోయిన డబ్బుకి కవర్ ఉండదు. సంచి ఎప్పుడూ మనిషి ఒంటి మీదే ఉండాలి.

రాత్రి కలెక్షన్ ఇంటికి పట్టుకెళ్లిపోతాం. అది కవరవుతుందా?

పాలసీలో ప్రత్యేకంగా రాయించుకోకపోతే కాదు. చిన్న షాపుల్లో ఎక్కువమంది చేసేది ఇదే, ఎక్కువమంది పాలసీలో లేనిదీ ఇదే. షెడ్యూల్‌లో ‘షాపు – బ్యాంకు’ అని ఉంటే షాపు నుంచి ఇంటికి వెళ్లే దారి లెక్కలోకి రాదు, ఇంట్లో పెట్టిన డబ్బూ రాదు. కవర్ కావాలంటే మూడు చోట్లూ రాయించాలి: షాపు నుంచి ఇల్లు, ఇంట్లో ఇనప్పెట్టె, ఇంటి నుంచి బ్యాంకు. ఇంటి చిరునామా పూర్తిగా ఉండాలి. ఇంట్లో బీరువా ఉందంటే మళ్లీ పైన చెప్పిన సమస్యే. ఇంటికి తీసుకెళ్లడం కన్నా షాపులో బోల్టు వేసిన పెట్టెలో ఉంచడమే బీమా పరంగా చాలామందికి తేలిక.

ఇనప్పెట్టెలో ఎంత ఉందో ఎలా రుజువు చేయాలి?

మనీ పాలసీలో ఒక వాక్యం ఉంటుంది: పెట్టెలో ఉన్న డబ్బుకి రోజువారీ పూర్తి లెక్క రాయాలి, ఆ లెక్క పెట్టెలో కాకుండా వేరే చోట ఉండాలి, కంపెనీ బాధ్యత ఆ లెక్కలో కనబడిన మొత్తం వరకే. చిట్టా పుస్తకాన్ని డబ్బుతో పాటు పెట్టెలోనే పెట్టి తాళం వేస్తే, దొంగ రెండూ పట్టుకుపోతాడు.

రాత్రి షట్టర్ దించే ముందు నోట్ల వారీగా లెక్కపెట్టి చిట్టాలో రాయండి. 500 నోట్లు ఎన్ని, 200 ఎన్ని, 100 ఎన్ని, చివర మొత్తం, కింద సంతకం. ఆ పేజీ ఫోటో తీసి మీకే వాట్సాప్ చేసుకోండి. ఫోన్‌లో తేదీ, సమయం దానంతటదే పడుతుంది, చిట్టా పోయినా లెక్క మిగులుతుంది.

సరుకుకి ఎంత మొత్తం రాయించాలి? జీఎస్టీ కలపాలా?

కొన్న ధర మీద రాయించాలి, ఎంఆర్‌పీ మీద కాదు. సరుకు విలువ కన్నా తక్కువ రాయిస్తే, పోయిందాంట్లో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది. 24 లక్షల సరుకుకి 18 లక్షలే రాయిస్తే, 1 లక్ష పోయినప్పుడు 75,000 లెక్కేస్తారు. పోయింది 18 లక్షల లోపే కదా అని అడిగినా ఒప్పుకోరు.

ఒక్క రాత్రిలో మొత్తం సరుకు ఎవరూ మోసుకుపోలేరు కాబట్టి ‘ఫస్ట్ లాస్’ అనే పద్ధతి ఉంది. మొత్తం సరుకు 24 లక్షలు అని నిజం చెప్పి, అందులో 25 శాతానికి, అంటే 6 లక్షలకే కవర్ తీసుకోవచ్చు. ప్రీమియం తగ్గుతుంది, 6 లక్షల లోపు నష్టానికి కోత ఉండదు. కానీ చెప్పిన 24 లక్షలు నిజమై ఉండాలి. అది తక్కువ చెబితే కోత మళ్లీ వస్తుంది.

జీఎస్టీ సంగతి చాలామంది మర్చిపోతారు. దొంగల పాలైన సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ నిలవదు, సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి ఇవ్వాలి. అంటే ఆ పన్ను కూడా మీ నష్టమే. ‘మీరు క్రెడిట్ తీసుకున్నారు కాబట్టి పన్ను తీసేస్తాం’ అని సర్వేయర్ అంటే, జీఎస్టీఆర్-3బిలో వెనక్కి చూపించిన కాపీ ఇవ్వండి. అందుకు పాలసీ మొత్తం కూడా పన్ను కలిపి రాయించి ఉండాలి. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకి క్రెడిటే ఉండదు, బిల్లు మొత్తమే వాళ్ల కొన్న ధర.

పొద్దున్నే వెళ్లేసరికి షట్టర్ వంగి ఉంది. ముందు ఏం చేయాలి?

లోపలికి వెళ్లకండి. బయట నుంచే ఫోటోలు, వీడియో తీసి 112కి ఫోన్ చేయండి. అదే గంటలో బీమా కంపెనీ టోల్‌ఫ్రీకి చెప్పి, ఒక మెయిల్ పెట్టండి. చెప్పిన సమయం రాతలో మిగలాలి. పోలీసులు వేలిముద్రలు తీసుకునే దాకా సరుకు సర్దడం, ఊడ్చడం వద్దు. షట్టర్ మరమ్మతుకి ముందు సర్వేయర్ చూడాలి. ఆలస్యమయ్యేట్టుంటే ‘ఫోటోలు తీసుకుని బాగుచేయిస్తున్నాం’ అని మెయిల్‌లో అడిగి చేయించండి.

ఫిర్యాదు రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే ‘షట్టర్ సెంటర్ లాక్ పగలగొట్టి’ అని ఎలా చొరబడ్డారో రాయండి. ‘షాపులో దొంగతనం జరిగింది’ అని మాత్రమే రాస్తే ఎఫ్ఐఆర్ కూడా అలాగే వస్తుంది, తర్వాత పేచీ మొదలవుతుంది. 2024 జులై 1 నుంచి రాత్రిపూట పగలగొట్టి చేసిన దొంగతనానికి భారతీయ న్యాయ సంహితలో 331, 305 సెక్షన్లు పెడతారు. పాత 457, 380ల స్థానంలో వచ్చినవి ఇవి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలి. పోయిన సరుకు పూర్తి జాబితా అప్పటికి తేలదు, ‘స్టాకు లెక్కించి వివరంగా ఇస్తాం’ అని రాయండి. తొందరపడి ఒక అంకె వేస్తే తర్వాత దాన్ని పెంచడం చాలా కష్టం.

సీసీటీవీ రికార్డయ్యే పెట్టె గల్లా పక్కనే ఉంటే దొంగ దాన్నీ తీసుకుపోతాడు. దాన్ని అటక మీదో, తాళం వేసిన అరలోనో పెట్టాలి. ప్రపోజల్ ఫారంలో ‘సీసీటీవీ ఉంది, రాత్రి కాపలా ఉంది’ అని రాసి, ఆ రోజు రెండూ లేకపోతే అది క్లెయిమ్‌ని దెబ్బతీస్తుంది.

మొత్తం మీద చేతికి ఎంత వస్తుంది?

అదే తెనాలి షాపు. ఆదివారం రాత్రి దొంగలు పడ్డారు. ఇనప్పెట్టె కోసి 2,10,000 తీసుకున్నారు. గల్లాలో ఉండిపోయిన 6,500 తీసుకున్నారు. కొన్న ధరలో పన్ను కలిపి 3,20,000 చీరలు, ప్యాంటు గుడ్డలు పోయాయి. షట్టర్ బాగుకి 11,000. మొత్తం నష్టం 5,47,500.

సరుకుకి 24 లక్షలకి 18 లక్షలే రాయించారు కాబట్టి 3,20,000లో 2,40,000 లెక్కకి వస్తుంది. పాలసీలో 5 శాతం మీ వాటా అని ఉందనుకుంటే 12,000 పోయి 2,28,000. ఇనప్పెట్టె పరిమితి 3 లక్షలు ఉంది, కానీ ఆదివారం రాత్రి చివరి అమ్మకాల 8,000 చిట్టాకెక్కలేదు. కాబట్టి 2,02,000 వస్తుంది. గల్లాలోది రాదు. షట్టర్ బాగుకి పాలసీలో చోటుంటే 11,000 వస్తుంది. చేతికి 4,41,000. పోయిన 1,06,500లో 80,000 ఒక్క తక్కువ రాయింపు వల్లే. 12,000 పాలసీ ప్రకారం మీ వాటా. మిగతా 14,500 ఆ రాత్రి పది నిమిషాలు కూర్చుని లెక్క రాసి, గల్లా ఖాళీ చేసి ఉంటే మిగిలేది.

పండక్కి ఊరెళ్తాం, వారం పైగా షాపు మూసి ఉంటుంది. ఇబ్బందా?

చాలా పాలసీల్లో వరసగా 7 రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ షాపులో ఎవరూ లేకుండా మూసి ఉంటే కవర్ ఆగిపోతుంది. వెళ్లే ముందు కంపెనీకి రాసి ఒప్పుదల తీసుకోండి. లేదా మధ్యలో ఎవరినైనా పంపి షాపు తెరిపించి, ఆ రోజు ఒక బిల్లయినా కొట్టించండి. నగదు మాత్రం ముందే బ్యాంకులో వేసేయండి.

పోలీసులు దొంగని పట్టుకోలేదు, కంపెనీ క్లెయిమ్ ఇవ్వనంటోంది. ఎక్కడికి వెళ్లాలి?

దొంగ దొరక్కపోయినా క్లెయిమ్ ఆగకూడదు. పోలీసుల తుది నివేదిక రావడానికి నెలలు పడుతుంది. ‘సరుకు దొరికితే కంపెనీకి అప్పగిస్తాం’ అని హామీ పత్రం రాసిచ్చి, ఈలోగా కొంత మొత్తమైనా ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

కాదంటే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కార్యాలయం కిందకే వస్తాయి. సొంత పేరున నడిపే చిన్న షాపులకి అక్కడ తలుపు తెరిచే ఉంటుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాదన్న లేఖలో కంపెనీ ఏ షరతు చూపించిందో ఆ షరతుకే జవాబు రాయండి. బలప్రయోగం లేదన్నారంటే షట్టర్ ఫోటో, పంచనామా జతచేయండి. పెట్టెలో డబ్బుకి లెక్క లేదన్నారంటే చిట్టా పేజీ పెట్టండి.

క్లెయిమ్ వచ్చింది. పాలసీ అలాగే నడుస్తుందా?

నడుస్తుంది గానీ, ఇచ్చినంత మేర మొత్తం తగ్గిపోతుంది. 18 లక్షల పాలసీలో 2,28,000 ఇచ్చారంటే మిగతా ఏడాదికి 15,72,000 మాత్రమే. మిగిలిన రోజులకి సరిపడా అదనపు ప్రీమియం కట్టి మళ్లీ 18 లక్షలకి పెంచుకోవచ్చు. ఒకసారి దారి తెలిసిన దొంగలు అదే షట్టర్‌కి మళ్లీ రావడం కొత్తేమీ కాదు, ఈ పని డబ్బు చేతికొచ్చిన వారంలోనే చేయించండి.